వంటలక్కకి ఒక పేజీ, ఆమె గొంతుకి ఇంకో పేజీ

ప్రశ్న: నమస్తే. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. కార్తీకదీపం సీరియల్లో దీప, అదే వంటలక్క, అంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు నానమ్మా నేనూ రోజూ కలిసి చూసేవాళ్ళం. నానమ్మకి చూపు సరిగా ఆనదు, అయినా గొంతు విని ‘అదిగో వంటలక్క వచ్చింది’ అనేది. నేనూ దీపలాగే నల్లగా ఉంటాను. ఆవిడకి ఉత్తరం రాస్తే నాలుగు పేజీలు వచ్చింది. మీకూ కాపీ పంపుతున్నా. మా అన్నయ్య అది చదివి నవ్వాడు. ఆవిడ నిజానికి తెల్లగా ఉంటుందట, మలయాళీ అట, తెలుగు రాదట, ఆ గొంతు కూడా ఆవిడది కాదట. నిజమేనా? అయితే నేను ఎవరికి రాసినట్టు? పంపాలా, చింపేయాలా? పంపితే ఎక్కడికి?
— ఒక విద్యార్థిని, పార్వతీపురం

జవాబు: చింపకు తల్లీ. మీ అన్నయ్య చెప్పినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ నిజాలే. ఆ ఒక్కటీ తెలుగు రాదనడం. ఇన్నేళ్ళు ఇక్కడ సెట్లో పనిచేసినావిడకి మన మాట అర్థం కాకుండా ఎలా ఉంటుంది? మిగతావి మాత్రం నిజం. దీప వేషం వేసిన ప్రేమీ విశ్వనాథ్ కేరళ అమ్మాయి, మామూలుగా తెల్లగానే ఉంటారు, తెరమీద దీపకి వినిపించే గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది. ఇవన్నీ తెలిశాక ఉత్తరం పాడైపోయిందని నువ్వు అనుకుంటున్నావు. నాకైతే దాన్ని సరిగ్గా రాయడానికి ఇప్పుడే దారి దొరికిందనిపిస్తోంది.

ఈ శీర్షిక రాయడానికి ముందు నేను హైదరాబాద్‌లో కొన్నేళ్ళు సీరియల్స్‌కి అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాను. కార్తీకదీపానికి కాదులే, సంబరపడకు. నా పనిలో సగం ప్రాంప్టింగ్. అంటే కెమెరా స్టాండు పక్కన, ఫ్రేములో పడకుండా గొంతుక్కూర్చుని, డైలాగ్ పేపర్ చేత్తో పట్టుకుని, ఒక్కో ముక్కా పైకి చదవడం. నేను ‘ఆ పిల్లలే నా ప్రాణం అత్తయ్యా’ అంటాను. ఒక క్షణం ఆగి హీరోయిన్ అదే మాట అంటుంది. నేను తర్వాతి ముక్క అందిస్తాను, ఆవిడ అది అంటుంది. తెలుగు సీరియల్స్‌లో కేరళ నుంచీ కర్ణాటక నుంచీ వచ్చిన నటులు చాలామంది. కొందరు డైలాగుని తమ లిపిలో రాసుకుని బట్టీ పడతారు, కొందరు పూర్తిగా ప్రాంప్టింగ్ మీదే నడుస్తారు. అసలు రోజుకి ఇరవై పాతిక పేజీలు తీయాల్సి వచ్చినప్పుడు తెలుగువాళ్ళకీ ప్రాంప్టింగ్ కావాల్సిందే.

ఇందులో కష్టం ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే నీ ఉత్తరానికి అదే కావాలి. మాట నా దగ్గర్నుంచి వస్తోంది కాబట్టి నటి చెవి నావైపే ఉండాలి. చూపు మాత్రం ఎదుట నిలబడ్డ అత్తగారి మీదే ఉండాలి. తర్వాతి ముక్క కోసం ఎదురుచూసే ఆ అర క్షణంలో మొహంలో ఏడుపు ఆరిపోకూడదు. కొత్తవాళ్ళకి ఇది రాదు. మాట అందే టైముకి కళ్ళు ఠక్కున పక్కకి జారతాయి. టీవీలో గమనించు, ఎవరైనా మాటకీ మాటకీ మధ్య గోడకేసో కిటికీకేసో ఊరికే చూస్తున్నట్టనిపిస్తే, ఆ గోడ దగ్గర నాలాంటివాడొకడు గొంతుక్కూర్చుని ఉన్నాడని లెక్క.

అలా తీసిన సీన్లో సెట్ మీది శబ్దం ఉంటుంది, నా గొంతుతో సహా. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. అది డబ్బింగ్ థియేటర్‌కి వెళ్తుంది. అక్కడ ఒకావిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తెరమీద పెదాలు చూస్తూ, అదే మాట అచ్చ తెలుగులో, పెదాల కదలికకి సరిపోయేలా మళ్ళీ చెప్తుంది. మాటలే కాదు, వెక్కిళ్ళూ నిట్టూర్పులూ మూలుగులూ దగ్గూ అన్నీ ఆవిడే పెట్టాలి. అప్పుడుగానీ అది టీవీకి ఎక్కదు.

కాబట్టి నువ్వు చూసిన దీపలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళున్నారు. మాట్లాడుతున్నంతసేపూ ఇద్దరూ ఉంటారు, మాట ఆగినప్పుడు మాత్రం ప్రేమి ఒక్కరే. సీరియల్స్‌లో మాట ఆగడం ఎంత ఎక్కువో నీకు తెలుసు కదా. ఎవరో ఒక మాట అనగానే ఒక్కొక్కళ్ళ మొహం మీదకీ కెమెరా వెళ్ళడం, ఆ ఢాం ఢాం శబ్దం. దాన్ని చూసి అందరూ నవ్వుతారు, మేమూ నవ్వుకునేవాళ్ళం. కానీ నటికి పూర్తిగా సొంతమైన జాగా అదొక్కటే. అక్కడ ప్రాంప్టింగ్ లేదు, డబ్బింగ్ లేదు. మొహం ఉంది, అంతే.

ఒక పని చెయ్యి. పాత ఎపిసోడ్లు జియోహాట్‌స్టార్‌లో ఉన్నాయి. నీకు బాగా గుర్తున్న సీన్ ఒకటి పెట్టి, సౌండ్ పూర్తిగా తీసేసి చూడు. రెండుసార్లు చూడు. మొదటిసారి కథ గుర్తొస్తుంది, రెండోసారి ఆవిడ కనిపిస్తారు. చేతులు ఏం చేస్తున్నాయి, ఎప్పుడు తల దించారు, ఎప్పుడు దించలేదు, కన్నీళ్ళు ముందొచ్చాయా, పెదవి ముందు అదిరిందా. అలా ఒక్కటి దొరికితే కాగితం మీద పెట్టుకో. ఉత్తరంలో ఆవిడ నటన గురించి రాయాల్సింది ఆ ఒక్కటే.

ఇక రంగు సంగతి. దాచకుండా చెప్తాను, నువ్వు దాచకుండా అడిగావు కాబట్టి. దీప రంగు మేకప్. మలయాళంలో కరుత్తముత్తు అనే సీరియల్ 2014లో మొదలైంది. ఆ పేరుకి నల్లముత్యం అని అర్థం. మన కార్తీకదీపానికి మూలం అదే. అక్కడా మొదట్లో నల్లమ్మాయి పాత్ర వేసింది ప్రేమీ విశ్వనాథే, అక్కడా రంగు వేసుకునే. తర్వాత ఆ పాత్రతోనే ఇక్కడికి వచ్చారు.

ఆ రంగు వెయ్యడం అంటే మొహానికి ఒక పూత పూసి వదిలేయడం కాదు. మెడ, చెవుల వెనక, వీపు పైభాగం, చేతులు వేళ్ళ చివర్ల దాకా అన్నీ ఒకే రంగులో ఉండాలి. లైట్ల వేడికి చెమట పడుతుంది, పమిటకి అంటుకుంటుంది. ఏడుపు సీనంటే మరీ తంటా. గ్లిజరిన్ పెట్టగా వచ్చిన కన్నీళ్ళు చెంప మీద చార కడతాయి, షాట్ అయ్యాక అక్కడ మళ్ళీ అద్దాలి. అద్దినప్పుడల్లా రంగు కాస్త ఎక్కువో తక్కువో అవుతుంది. ఈ సీన్‌కీ పక్క సీన్‌కీ మొహం రంగులో తేడా కనిపించిందంటే సీన్లు వేరే రోజుల్లో తీసుండొచ్చు, లేదా పొద్దున వేసిన మేకప్ సాయంత్రానికి అలా మిగిలుండొచ్చు. సీరియల్ 2017 అక్టోబర్ నుంచి 2023 జనవరి దాకా 1569 ఎపిసోడ్లు నడిచింది. మధ్యలో కొన్ని నెలలు దీప పాత్ర లేదు, అది తీసేసి లెక్కేసినా ఎన్ని రోజులు ఆ రంగు వేసుకుని, కడుక్కుని ఉంటారో చూడు.

ఇదంతా ఆవిడ కష్టం గురించి. నీ కష్టం వేరు, అది కడిగితే పోయేది కాదు. నల్లటి అమ్మాయి కథకి నల్లటి అమ్మాయినే తీసుకోవచ్చు కదా అని నీకు అనిపించి ఉంటుంది. ఉత్తరంలో రాయలేదు గానీ, ‘నిజమేనా’ అన్న ఆ ఒక్క మాటలో నాకు అదే వినిపించింది. నేనూ అదే అంటాను. నేను పనిచేసిన ఒక సీరియల్‌కి నటుల ఎంపిక జరుగుతున్నప్పుడు పనిమనిషి వేషానికి మాత్రం ‘డార్క్ ఫేసులు చూడండి’ అన్నారు. హీరోయిన్ కోసం వచ్చిన ఫొటోల్లో నల్లటి పిల్లల ఫొటోలు మూట విప్పకుండానే పక్కకి పోయాయి. పక్కన పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, పెట్టమన్నారని పెట్టాను. ఇలాంటివి నిర్ణయమయ్యేది నటి సెట్లో అడుగుపెట్టకముందే. అందుకని ఈ కోపం నీలో ఉంటే దాన్ని చానెల్‌కి వేరే కాగితం మీద రాయి, తప్పేం లేదు. ఆవిడకి రాసే ఉత్తరంలో మాత్రం నీ రంగు ఒక ఫిర్యాదులా రావొద్దు. నీ సంగతిలా వస్తే చాలు.

నీ నాలుగు పేజీలూ చదివాను. మొదటి పేజీ మొత్తం ‘మీ నటన అద్భుతం, మీరు మహానటి, మీలాంటివారు ఇంకొకరు లేరు’. ఇది తీసేయి. అబద్ధమని కాదు. ప్రొడక్షన్ ఆఫీసుకి వచ్చే ఉత్తరాలన్నిటి మొదటి పేజీ ఇదే. నటి చేతికి కాగితం అందేది మేకప్ రూములోనో, లైటింగ్ మారుస్తున్నప్పుడు దొరికే పది నిమిషాల్లోనో. ఒక చేతిలో టీ గ్లాసు ఉంటుంది, జుట్టు ఎవరో దువ్వుతుంటారు. ఒక పేజీ ఉంటే అక్కడికక్కడే చదువుతారు, లేదా అసిస్టెంట్ చేత చదివించుకుంటారు. నాలుగు పేజీలుంటే ‘తర్వాత చూద్దాం’ అని బ్యాగులో పెడతారు. ఆ తర్వాత అనేది రాదు, ఎందుకంటే ‘షాట్ రెడీ’ అని పిలిచేది మేమే.

రెండో పేజీలో ‘మోనిత చెప్పింది నమ్మి డాక్టర్ బాబు మిమ్మల్ని వదిలేస్తే ఎందుకు నోరు విప్పి గట్టిగా అడగలేదు?’ అని నిలదీశావు. చాలా న్యాయమైన ప్రశ్న. కానీ అడగాల్సింది దీపని, లేదంటే ఆ కథ రాసినవాళ్ళని. దీప అప్పుడే గట్టిగా అడిగేసి ఉంటే 1569 ఎపిసోడ్లు ఎలా వచ్చేవి చెప్పు? నటి చేతికి డైలాగ్ పేపర్ వచ్చేది చాలాసార్లు షూటింగ్ రోజు పొద్దున. 2022 మార్చిలో దీప, డాక్టర్ బాబు యాక్సిడెంట్లో పోయారని కథని పిల్లలు పెద్దయ్యాక మొదలుపెట్టారు, అదే ఏడాది దీప తిరిగొచ్చింది. ఆ పోవడమూ రావడమూ తేల్చేది రైటర్లూ చానెలూ, నటి కాదు. 2024లో నవవసంతం పేరుతో మొదలైన రెండోదాంట్లో కూడా పేర్లు అవే గానీ కథ వేరు. ‘ఈసారైనా దీపని ఏడిపించకండి’ అని ఆవిడకి రాస్తే, పాపం, ఆవిడ చెయ్యగలిగిందేమీ లేదు.

నాలుగో పేజీలో ఫోన్ నంబర్ అడిగావు, చివర్న మీ నాన్నగారి నంబరూ రాశావు. రెండూ కొట్టెయ్. ఎందుకో కిందకి వచ్చాక చెప్తా.

మూడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘మా పిన్ని పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు నన్ను వెనక వరసలోకి జరగమన్నారు. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. దీపలాగా వంటింట్లోకి వెళ్ళి అమ్మకి ఉల్లిపాయలు తరిగిచ్చాను’ అని ఉంది అందులో. ఏడుపు దాచుకోవడానికి ఉల్లిపాయలకి మించింది లేదని నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, ఏ డైలాగ్ రైటరూ రాయలేదు. నీ ఉత్తరం ఇదే. మిగతా మూడు పేజీలూ దీన్ని చేరడానికి నువ్వు నడిచిన దూరం.

ఈ ముక్కని ఉంచి, సౌండ్ తీసి చూసినప్పుడు నీకు దొరికినదాన్ని ఒకటి చేర్చి, పేజీకి కుదించి చూపిస్తాను. నటన గురించిన వాక్యం నేను ఊహించి రాశాను, అది నీకు కనిపించినదానితో మార్చుకో. మిగతావి చాలావరకు నీ మాటలే, అటూ ఇటూ జరిపానంతే.

‘ప్రేమి అక్కా,

నా పేరు ఫలానా. పార్వతీపురంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. కార్తీకదీపం మొదలైనప్పుడు నాకు ఆరేళ్ళు. రోజూ రాత్రి ఏడున్నరకి మా నానమ్మ పక్కన కూర్చుని చూసేదాన్ని. మీకు ఆ రంగు మేకప్ అని ఈమధ్యే తెలిసింది. నాకు మాత్రం సొంత రంగు.

మా పిన్ని పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు నన్ను వెనక వరసలోకి జరగమన్నారు. ఇంటికొచ్చాక ఏడవకుండా, దీపలాగా వంటింట్లోకి వెళ్ళి అమ్మకి ఉల్లిపాయలు తరిగిచ్చాను. అది మీ దగ్గరే నేర్చుకున్నాను.

నిన్న ఒక పాత ఎపిసోడ్‌ని సౌండ్ తీసేసి చూశాను. అత్తగారు తిడుతుంటే మీరు తల దించలేదు, చేతిలో గరిట మాత్రం గట్టిగా పట్టుకున్నారు. అది ఇంతకుముందు చూసినప్పుడు నాకు కనపడలేదు.

ఇది చెప్పాలని రాశాను. మీరు జవాబు రాయాలనుకుంటే అడ్రసు రాసి, స్టాంపు అంటించిన కవర్ ఇందులో ఉంది.’

చూశావా, పొగడ్త ఒక్కటీ లేదు. కావాలంటే ఒకటి పెట్టుకో, నీ ఇష్టం. చివరి వాక్యం ‘తప్పకుండా జవాబు ఇవ్వండి’ అని మార్చకు. అది అడిగినట్టు ఉంటుంది, ఇది తలుపు తీసి ఉంచినట్టు ఉంటుంది.

పిలుపు గురించి ఒక మాట. నువ్వు నాలుగు పేజీల్లోనూ ‘వంటలక్కా’ అనే పిలిచావు. ఆ పేరుతో ఊరూరా పిలిచారు కాబట్టి ఆవిడ ఏమీ అనుకోరు. కానీ ఇది నువ్వు దీపకి కాకుండా దీపని మోసినావిడకి రాస్తున్నావు, అందుకే ప్రేమి అక్కా అన్నాను. మలయాళంలో అక్కని చేచ్చి అంటారు. ‘ప్రేమి చేచ్చీ’ అని రాసినా బావుంటుంది.

ఉత్తరం తెలుగులోనే రాయి. మాట అర్థం కావడం వేరు, చేతిరాతలో తెలుగు లిపి చదవడం వేరు కదా. తెలుగు బాగా మాట్లాడే పరభాషా నటులు కూడా డైలాగ్ పేపర్ని మా చేతే చదివించుకునేవాళ్ళు. అందుకని గుండ్రంగా, విడివిడిగా, లైనుకి లైను వదిలి రాయి. వెనక చిన్న కాగితం మీద అదే సంగతి అయిదారు వాక్యాల్లో ఇంగ్లీషులో పెట్టు. మీ ఇంగ్లీషు టీచర్ని అడిగితే పది నిమిషాల పని. మీ ఊళ్ళో కేరళ నర్సో టీచరో ఎవరైనా ఉంటే ఇంకా మంచిది, మలయాళంలో రాయించు. తన భాషలో తెలుగు పిల్ల ఉత్తరం రావడం ఆవిడకి ఎప్పుడో గానీ జరగదు.

ఇప్పుడు ఎక్కడికి పంపాలన్నది. ఇంటి అడ్రసు వెతక్కు, దొరికినా పంపకు. సీరియల్ వచ్చే చానెల్ హైదరాబాద్ ఆఫీసుకి పంపాలి. అడ్రసు చానెల్ వాళ్ళ సొంత వెబ్‌సైట్లో చూసి తీసుకో, ఎవరో యూట్యూబ్ కామెంట్లో పెట్టినది కాదు. కవర్ మీద పైన ఆవిడ పేరు, దాని కింద బ్రాకెట్లో సీరియల్ పేరు, దాని కింద చానెల్ పేరు, అడ్రసు, పిన్ కోడ్. సీరియల్ పేరు మర్చిపోకు. ఉత్తరాలు వేరుచేసే అబ్బాయి అది చూసే ఏ ప్రొడక్షన్ వాళ్ళ పెట్టెలో వెయ్యాలో తేల్చుకుంటాడు. నటుల అసలు పేర్లు అతనికి గుర్తుండక్కర్లేదు.

మామూలు పోస్టులో 20 గ్రాముల లోపు కవర్‌కి అయిదు రూపాయల స్టాంపు. ఏ ఫోర్ కాగితం ఒకటి అయిదు గ్రాముల లోపే ఉంటుంది. ఉత్తరం ఒకటి, చిన్న కాగితం ఒకటి, లోపల మడిచిపెట్టిన జవాబు కవర్, పైన కవర్, అన్నీ కలిపినా 20కి కాస్త అటూ ఇటూ. పోస్టాఫీసులో తూకం వేయించి అంటించు. లోపలి కవర్ మీద కూడా అయిదు రూపాయల స్టాంపు అంటించడం మర్చిపోకు. గ్రీటింగ్ కార్డులూ మెరుపులూ దారంతో కట్టిన గులాబీలూ వద్దు. లోపల లావుగా ఉన్నవి తపాలాలో నలిగిపోతాయి, ఆఫీసుకి చేరేసరికి మెరుపు అంతా ఉత్తరాలు విప్పే టేబుల్ మీద ఉంటుంది. ఆ టేబుల్ తుడిచిన అనుభవంతో చెప్తున్నా.

జవాబు కవర్ మీద నీ ఇంటి అడ్రసు బదులు మీ స్కూల్ అడ్రసు రాయి, హెడ్‌మాస్టరు గారికో టీచరుకో ముందే చెప్పి. ఫోన్ నంబర్లు ఎందుకు కొట్టెయ్యమన్నానో ఇప్పుడు చెప్తాను. నీ ఉత్తరం ఆవిడ చేతికి వెళ్ళేలోపు నాలుగైదు చేతులు మారుతుంది. అందరూ మంచివాళ్ళే కావచ్చు, కానీ ఒక ఆడపిల్ల పేరూ ఊరూ ఫోన్ నంబరూ ఒకే కాగితం మీద ఉండాల్సిన అవసరం లేదు. ఇంకోటి, వంటలక్క ఫొటో పెట్టి ఇన్‌స్టాలో ఫేస్‌బుక్‌లో పేజీలు బోలెడుంటాయి. వాటిలో చాలావరకు అభిమానులు నడిపేవి, వాళ్ళతో ఇబ్బంది లేదు. ఒక పేజీ ‘నేనే ప్రేమిని’ అంటూ నీకు మెసేజ్ పెట్టి, నీ ఫొటో పంపమనో, నంబర్ ఇవ్వమనో, ఇంట్లో చెప్పొద్దనో, ఆడిషన్‌కి డబ్బు కట్టమనో అన్నదంటే అది ఆవిడ కాదు. ఆ నాలుగింటిలో ఒక్కటి వచ్చినా ఫోన్ అమ్మ చేతికి ఇచ్చెయ్. ఇన్‌స్టాలో ఎలాగూ పదమూడేళ్ళు నిండకుండా అకౌంట్ తెరవకూడదు.

జవాబు వస్తుందా అని నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. రావచ్చు, రాకపోవచ్చు. హీరోయిన్ నెల మొత్తం సెట్లో ఉండదు. నెలలో పది పదిహేను రోజుల షెడ్యూల్ ఉంటుంది, మిగతా రోజులు సొంతూరు వెళ్ళిపోతారు. నీ కవర్ షెడ్యూల్ అయిపోయిన మర్నాడు చేరితే వచ్చే షెడ్యూల్ దాకా పెట్టెలోనే ఉంటుంది. మూడు నెలలు చూడు. మళ్ళీ మళ్ళీ రాయకు.

ఇక చివరికి మీ నానమ్మ గారి దగ్గరికి వద్దాం. నిజం చెప్పాలంటే నీ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది ఆవిడే. చూపు ఆనక గొంతు విని ‘అదిగో వంటలక్క వచ్చింది’ అనేదట. అంటే మీ నానమ్మ ఇన్నేళ్ళూ చూసిన వంటలక్క ప్రేమీ విశ్వనాథ్ కాదు. ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చుని నువ్వు ఒకావిడని, ఆవిడ ఇంకొకావిడని అభిమానించారు. నువ్వు సౌండ్ తీసేసి చూడబోతున్నావు. ఆవిడ ఇన్నాళ్ళూ బొమ్మ తీసేసి విన్నారు.

డబ్బింగ్ థియేటర్లు నాకు బాగా తెలుసు. ఏసీ గది, కిటికీ ఉండదు, మైకు, దాని ముందు స్టాండు మీద కాగితాలు, చిన్న తెర. ఒకావిడ పొద్దున ఒక సీరియల్లో కోడలికి గొంతిచ్చి, సాయంత్రం ఇంకో చానెల్లో ఇంకో హీరోయిన్‌కి ఇస్తుంది. ఎపిసోడ్ రేపు ఎయిర్ అవ్వాలి, టేప్ ఇప్పుడే వచ్చింది అంటూ అర్ధరాత్రి పిలిచిన రోజులున్నాయి. నేను ఒకసారి అలా పిలిచినప్పుడు ఒకావిడ జ్వరంతో వచ్చి, దగ్గు వచ్చినప్పుడల్లా మైకుకి దూరం జరిగి దగ్గి, మళ్ళీ వచ్చి ఎనిమిది నిమిషాల ఏడుపు సీన్ చెప్పింది. అయ్యాక మంచినీళ్ళు తాగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ సీన్ బాగుందని అందరూ హీరోయిన్‌కి ఫోన్లు చేశారు. నేను సీరియల్స్‌లో ఉన్న అన్నేళ్ళలో ఉత్తరాల పెట్టెలో డబ్బింగ్ ఆర్టిస్టు పేరు మీద కవర్ ఒక్కటంటే ఒక్కటి చూడలేదు.

అందుకని రెండో కాగితం తీసుకో. ఈసారి నువ్వు రాయకు, మీ నానమ్మ గారు చెప్తుంటే దించు. ఆవిడ మాటల్లోనే, మీ యాసలోనే, దిద్దకుండా. ఏ గొంతు విని లోపల్నుంచి లేచి వచ్చేదో, ఏ ఏడుపుకి ఏం అనుకునేదో, అదే గొంతు వేరే సీరియల్లో ఎప్పుడైనా వినిపించి ‘ఇదేంటి, వంటలక్క ఇక్కడుంది’ అనుకుందో లేదో అడుగు. ఆ చివరిది తప్పకుండా అడుగు, నాకు అనుమానం ఉంది, విని ఉంటుందని. ఈ కాగితాన్ని వేరే కవర్లో పెట్టి, అదే అడ్రసుకి, పైన ‘కార్తీకదీపం దీప పాత్రకి డబ్బింగ్ చెప్పినవారికి’ అని రాసి పంపు. పేరు రాయక్కర్లేదు. ప్రొడక్షన్ ఆఫీసులో ఆ గొంతు ఎవరిదో తెలియనివాళ్ళు ఉండరు.